ఆర్టిస్టు గారు పెట్టిన టిక్కు

బ్యాంకుకి ఆనుకుని ఒక గది, అందులో ఒక జిరాక్సు మిషను, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఇదే నా ఆస్తి. జిరాక్సులు తీయడం పైకి కనిపించే పని. అసలు పని ఫారాలు నింపడం. బ్యాంకు ఫారం చూస్తే చదువుకున్నవాళ్ళకి కూడా చెమటలు పడతాయి. వాళ్ళంతా నా దగ్గరకి వచ్చి కూర్చుంటారు. పేరు, చిరునామా, పుట్టినతేదీ అన్నీ నేను రాస్తాను. ఒక్కటి మాత్రం చచ్చినా చేయను. టిక్కు పెట్టను. ఎవరి టిక్కు వాళ్ళే పెట్టుకోవాలి. మొదట్లో ఒకసారి మొహమాటానికి పోయి ఒక జంట ఫారంలో నేను పెట్టాను. ఆ మొగుడూ పెళ్ళాం విడిపోయి ఇద్దరూ కలిసి నన్ను తిట్టిపోశారు. విడిపోయాక వాళ్ళు కలిసి చేసిన పని అదొక్కటే.

అందుకే బోర్డాయన విషయంలో కూడా టిక్కు గడి ఖాళీగానే ఉంచి పంపాను. ఆ పాపం నాది కాదు. పుణ్యం కూడా నాది కాదు.

బోర్డాయన అంటే మా వీధిలో దుకాణాలకి పేర్ల బోర్డులు రాసేవాడు. వీధి వీధంతా బోర్డాయన అనే అంటుంది, ఆయన ముందు మాత్రం ఆర్టిస్టు గారు అనాలి. అనకపోతే పలకడు. చెయ్యి మంచిదే, కాదనను. నిచ్చెన ఎక్కి, నోట్లో ఒక కుంచె, చేతిలో ఒక కుంచె పెట్టుకుని అక్షరాలు దింపుతుంటే కింద జనం ఆగి చూసేవారు. ఆ చూపులే ఆయన్ని పాడుచేశాయి. నిచ్చెన దిగాక కూడా పైనే ఉన్నాననుకునేవాడు.

ఆయనకో సిద్ధాంతం ఉంది. ఇద్దరు పార్టనర్లు కలిసి బోర్డు రాయించుకోవడానికి వస్తే, ముందు ఎవరి పేరు రాయాలో ఆయన ఒక్క చూపులో చెప్పేసేవాడట. ముందు పేరున్నవాడు యజమాని, వెనక పేరున్నవాడు చందాదారు. ఈ మాట రోజుకి నాలుగుసార్లయినా చెప్పేవాడు. ఒకసారి ఇద్దరన్నదమ్ములు మందుల షాపు పెట్టుకుంటే, తమ్ముడి పేరు ముందు రాసి, ఇద్దరినీ కోర్టు మెట్లెక్కించాడు. అప్పుడు కూడా తప్పు నాది కాదు, ముఖాలది అన్నాడు.

ఇంటి ముందు తన బోర్డు కూడా తనే రాసుకున్నాడు. ‘ఆర్టిస్ట్’ అని మనిషంత అక్షరాలు, వాటికి నీడలు, నీడలకి మళ్ళీ అంచులు. దాని కింద, కళ్ళద్దాలు పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్నగా ‘ఇచట బట్టలు కుట్టబడును’. ఆ కుట్టేది ఆయన భార్య, టైలరమ్మ. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చిన్న అక్షరాల మీదే.

ఎందుకంటే ప్లాస్టిక్ బ్యానర్లు వచ్చాక బోర్డాయన పని పోయింది. మిషను గంటలో రంగురంగుల బోర్డు కక్కుతుంటే, నెల రోజులు నిచ్చెన మీద నిలబడేవాడికి డబ్బెవరిస్తారు? ఏడాదికి మూడో నాలుగో పనులు వచ్చేవి. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉదయం తొమ్మిదింటికి వీధిలోకి వచ్చి, అందరి బోర్డుల్లో తప్పులు వెతుకుతూ మధ్యాహ్నం దాకా తిరిగేవాడు. ఆ చొక్కా ఇస్త్రీ చేసేది కూడా ఎవరో వేరే చెప్పాలా?

టైలరమ్మ మాట తక్కువ మనిషి. మెడలో టేపు, చీర కొంగుకి గుచ్చిన గుండుసూదులు, కుడిచేతి చూపుడువేలి మీద కత్తెర రాసుకుని కాసిన కాయ. రెండు వీధుల అవతల ఉన్న స్కూలుకి యూనిఫాంలు కుట్టే పని ఆవిడకి దొరికింది. స్కూలువాళ్ళు చేతికి డబ్బివ్వరు, చెక్కే ఇస్తారు. చెక్కు వేసుకోవడానికి ఖాతా కావాలి కాబట్టి ఆవిడ నా దగ్గరకి వచ్చి ఫారం రాయించుకుని, తన ఒక్కదాని పేరు మీద ఖాతా తెరిచింది. మొగుడికి చెప్పలేదు. దాచిందని కాదు. ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

రెండేళ్ళు గడిచాక పాస్‌బుక్కు ఆయన కంటపడింది. దాని అట్ట మీద తన పెళ్ళాం పేరు ఒక్కటే ఉండటం చూసి ఆయనకి ఒళ్ళు మండిపోయింది. లోపల ఎంత ఉందో కూడా చూడలేదట, అట్ట మీద పేరే చూశాడట. మర్నాడు పొద్దున్నే ఆవిడని వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. ఖాతాలో తన పేరు కూడా చేర్చాలన్నాడు. ఆలుమగలన్నాక వేరు వేరు లెక్కలేంటి, వీధిలో తెలిస్తే ఏమనుకుంటారు అని నన్నే కోప్పడ్డాడు. నేనేదో ఆవిడకి నేర్పించానని ఆయన అనుమానం.

నేను ఫారం తీసి నింపాను. మొదటి ఖాతాదారు గడిలో టైలరమ్మ పేరు అప్పటికే ఉంది, ఖాతా ఆవిడదే కదా. రెండో ఖాతాదారు గడిలో ఆయన పేరు రాశాను. కింద, ఖాతా ఎవరు నడపాలి అనే చోట మూడు నాలుగు వరుసలుంటాయి. ఆయన బయట ఎవరికో బోర్డు గురించి పాఠం చెబుతుంటే, టైలరమ్మ నా పక్కన కూర్చుని ఆ వరుసల మీద వేలు పెట్టి, ఇవేంటక్కా అని అడిగింది.

నేను చెప్పాను. ‘ఎవరైనా ఒకరు లేదా జీవించి ఉన్నవారు’ అని టిక్కు పెడితే ఇద్దరిలో ఎవరైనా వచ్చి, రెండోవాళ్ళని అడగకుండా డబ్బు తీసుకోవచ్చు. ఒకరు పోతే మిగతాది రెండోవారిది. ఇది ఎక్కువమంది పెట్టేది, ఒకరినొకరు నమ్మితే హాయి. నమ్మకపోతే మాత్రం మా వీధి మెకానిక్కు కథే. ఆయన సోమవారం వచ్చి ఖాతా ఊడ్చుకుపోతే, బుధవారం ఫీజు కట్టడానికి వచ్చిన పెళ్ళాం ఖాళీ పాస్‌బుక్కు చూసి కౌంటరు దగ్గరే కూలబడింది. ఇష్టం లేనివాళ్ళు ఆపమని బ్యాంకుకి ఉత్తరం రాసిస్తే, అప్పటినుంచి ఇద్దరి సంతకాలూ ఉంటేనే ఇస్తారు. కానీ ఊడ్చాక రాస్తే ఏం లాభం?

‘మొదటివారు లేదా జీవించి ఉన్నవారు’ అని పెడితే వేరే సంగతి. పైన మొదట ఎవరి పేరుందో, వాళ్ళు బతికున్నంత కాలం వాళ్ళొక్కరే డబ్బు తీయగలరు. రెండోవాళ్ళు చూస్తూ ఉండాలి. మొదటివారు పోయాకే, పోయినట్టు కాగితం చూపిస్తే, రెండోవారి చేతికి వస్తుంది.

టైలరమ్మ అంతా విని, ఆ రెండు వరుసలనీ రెండు వేళ్ళతో తడిమింది. ఇంతలో ఆయన లోపలికి వచ్చి, ఫారం లాక్కుని, ఆవిడని తోడుకుని బ్యాంకులోకి వెళ్ళాడు. జిరాక్సు చేసిన గుర్తింపు కార్డులు బల్ల మీదే మరచిపోయాడు. అవి పట్టుకుని నేను వెనక వెళ్ళాను కాబట్టి మిగతాది కూడా కళ్ళారా చూశాను.

కౌంటరులో కొత్త కుర్రాడు, చేరి నెల కూడా కాలేదు. పాఠం అప్పజెప్పినట్టు రెండు పద్ధతులూ వినిపించాడు. ఎవరైనా ఒకరు అన్న మాట వినగానే బోర్డాయన నవ్వాడు. ఒక ఇంటికి ఇద్దరు యజమానులేంటయ్యా, అడక్కుండా తను తీసుకుపోతే నేనెవరిని అన్నాడు. మొదటివారు అన్న మాట వినగానే అక్కడే ఆపమన్నాడు.

కుర్రాడు పాపం మంచివాడు. “సార్, ఇందులో మొదటివారు అంటే...” అని ఫారం పైభాగం చూపించబోయాడు.

“మొదటివారెవరో నాకు నువ్వు చెబుతావా? ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో అందరికీ మొదటి పేరెవరిదో నిర్ణయించేవాణ్ణి నేను” అన్నాడు బోర్డాయన.

అని జేబులోంచి సొంత పెన్ను తీసి, మొదటివారు లేదా జీవించి ఉన్నవారు అన్న వరుస పక్కన టిక్కు పెట్టాడు. అది మామూలు టిక్కు కాదు. కింద సన్నగా మొదలై, మలుపు దగ్గర లావెక్కి, పైకి వెళ్ళి మళ్ళీ సన్నబడిన టిక్కు. కుర్రాడు ఒకసారి టైలరమ్మ వైపు చూసి, అమ్మా, మీకు సమ్మతమేనా అని అడిగాడు. ఆవిడ ఫారం తీసుకుని, మొదటినుంచి చివరిదాకా చదివి, తన పేరు పక్కన సంతకం పెట్టింది. పెట్టాక నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఆయన నోరు తెరిచి అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడక్కుండా చెప్పడానికి నేనేమైనా ఆయన పెళ్ళాన్నా?

అలా బోర్డాయన తన చేత్తో, తన పెన్నుతో, తన ఇంటి డబ్బుకి తను పెళ్ళాం తర్వాతివాడినని రాసిచ్చి, గెలిచినవాడిలా బయటికి వచ్చాడు.

తొమ్మిదేళ్ళు ఆయనకి ఆ సంగతి తెలియలేదంటే మీరు నమ్మరు. నేను చెబుతాను, నమ్మండి. బ్యాంకులో వరసలో నిలబడటం ఆయన స్థాయికి తగదు. అందుకని డబ్బు కావాలంటే పెళ్ళాన్ని పంపేవాడు. రేపు వెళ్ళి తీసుకురా అని ఆజ్ఞ ఇచ్చేవాడు. ఆవిడ వెళ్ళేది, అవసరమనుకున్నది తీసేది, అనవసరమనుకుంటే ఈ నెల బ్యాంకువాళ్ళు ఇవ్వలేదు అని చెప్పేది. పాస్‌బుక్కు మీద ఆవిడ పేరు పైన, తన పేరు కింద అచ్చయి ఉండటం ఆయన చూశాడు. చూసి, ఆడవాళ్ళకి ముందు మర్యాద ఇవ్వడం బ్యాంకువాళ్ళ పద్ధతి అని వీధిలో అందరికీ వివరించాడు. యంత్రంలో డబ్బు తీసే కార్డు ఆవిడ తీసుకోలేదు. యంత్రానికి నా మొహం తెలియదు, కౌంటరులో అమ్మాయికైతే తెలుసు అనేది.

మధ్యలో ఒకసారి ఎవడో బ్యానర్ల మిషనులో వాటా ఇప్పిస్తానని బోర్డాయనకి ఆశపెట్టాడు. ఖాతాలో ఉన్నదంతా తెమ్మని ఆవిడకి ఆజ్ఞ అయింది. ఆవిడ బ్యాంకుకి వచ్చి, లోపల కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, వట్టి చేతులతో ఇంటికి వెళ్ళింది. ఆ వాటా ఇప్పిస్తానన్నవాడు తర్వాత నలుగురిని ముంచి ఊరొదిలి పోయాడు. బోర్డాయన మాత్రం, నేను ముందే పసిగట్టి డబ్బు ఇవ్వలేదు అని చెప్పుకున్నాడు. టైలరమ్మ పక్కనే కూర్చుని కాజాలు కుడుతూ విన్నది.

ఇవన్నీ తలచుకుని నేను ఎన్నోసార్లు ఒంటరిగా నవ్వుకున్నాను. దాచడం ఎందుకు, నాకు ఆయనంటే పడదు. గతంలో నా గది మీది బోర్డులో జిరాక్సుకి దీర్ఘం తప్పు పెట్టాడని చెబితే, అది కళ అన్నాడు.

కానీ ఈ ఏడాది స్కూలు తెరిచిన కొత్తలో టైలరమ్మ పడిపోయింది. స్కూల్లో పిల్లల కొలతలు తీసుకుని దిగుతుంటే మెట్ల మీద అప్పుడే తుడిచిన నీళ్ళు. ఆరు మెట్లు జారింది. తుంటి ఎముక విరిగింది, అడ్డుపెట్టిన కుడి మణికట్టు కూడా విరిగింది. ఆసుపత్రిలో చేర్చారు. తుంటికి ఆపరేషను చేయాలి, ఆలస్యం చేస్తే మంచం మీదే ఉండిపోయే ప్రమాదం ఉంది, రేపు సాయంత్రంలోగా సగం డబ్బు కడితే ఎల్లుండి పొద్దున్నే చేస్తాం అన్నారు. ఆ డబ్బు ఖాతాలో ఉంది. ఇంకా కొంచెం ఎక్కువే ఉంది. పద్దెనిమిది వందల యూనిఫాంల కష్టం అది.

మర్నాడు బ్యాంకు తలుపు తీయకముందే బోర్డాయన నా గది ముందు నిలబడి ఉన్నాడు. చొక్కాకి ఇస్త్రీ లేదు. డబ్బు తీసే ఫారం నింపమన్నాడు. నింపాను. సంతకం దగ్గరకి వచ్చేసరికి నా మనసు ఆగలేదు. ఆర్టిస్టు గారూ, ఇది మీ సంతకంతో కాదు, ఆవిడ సంతకం కావాలి, పద్ధతి అలా ఉంది అని చెప్పాను. ఆయన నా మొహం చూసి, నువ్వు జిరాక్సులు తీసుకోవమ్మా, పెద్ద విషయాల్లో తలదూర్చకు అన్నాడు. దాంతో నా జాలి కాస్తా ఆవిరైపోయింది. అయినా వెనకే వెళ్ళాను. చోద్యం చూడటానికే వెళ్ళాను, ఒప్పుకుంటున్నాను.

వరసలో ఉన్నవాళ్ళందరినీ దాటుకుని నేరుగా మేనేజరు బల్ల దగ్గరకి వెళ్ళాడు. మేనేజరు ఒక నడివయసు ఆవిడ, ఈ మధ్యే బదిలీ మీద వచ్చింది. ఆయన చెప్పింది విని, కంప్యూటరు చూసి, పాత ఫారం తెప్పించింది. చూసి, ఆయన ముందు పెట్టి, టిక్కు మీద వేలు పెట్టింది.

“మొదటి ఖాతాదారు మీ ఆవిడ. మొదటివారు ఉన్నంతవరకు వారే తీయాలండి. మీకు ఇవ్వడానికి నాకు అధికారం లేదు.”

“ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఆపరేషను ఆవిడకే.”

“తెలిసింది. అయినా ఆవిడ ఉన్నారు కదండీ.”

“ఉంటే ఇవ్వరు. మరి లేకపోతే?”

“మరణ ధ్రువీకరణ పత్రం తెస్తే అప్పుడు మీదే.”

మేనేజరు తప్పేం అనలేదు. రోజుకి పదిమందికి చెప్పే మాట అది. ఆయన కూడా రూలు తెలుసుకుందామనే అడిగాడు. కానీ ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చాక ఆయన చెవిన కూడా పడింది. పెళ్ళాం బతకడానికి డబ్బు కావాలి, పెళ్ళాం పోతేనే డబ్బొస్తుంది. ఎదురుగా తనే గీసిన అందమైన టిక్కు. హాల్లో వరసలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఎవరో ఒకరు ముసిముసిగా నవ్వారు. అది నేను కాదు. నవ్వుదామని వచ్చినదాన్ని, నాకు నవ్వు రాలేదు. ఆయన కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపి తడుముకుంటుంటే నేనే లాగి వేశాను.

కాసేపటికి తేరుకుని, ఆ టిక్కు నేనే పెట్టాను కాబట్టి నేనే కొట్టేస్తాను, పెన్ను ఇవ్వండి అన్నాడు. మేనేజరు ఓపిగ్గా, పద్ధతి మార్చాలంటే ఖాతాలో ఉన్న ఇద్దరూ సంతకం పెట్టాలి, పెట్టింది ఎవరైనా మార్చేది ఒక్కరు కాదు అంది. తొమ్మిదేళ్ళుగా తనే తాళం వేశాననుకున్న పెట్టెకి తన దగ్గర తాళంచెవే లేదని అప్పుడర్థమైంది ఆయనకి. కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆయన్ని ఎన్నడూ అలా చూడలేదు, చూడాలనుకోలేదు కూడా.

మేనేజరు అడిగింది, ఆవిడకి తెలివి ఉందా, మాట్లాడుతున్నారా అని. శుభ్రంగా మాట్లాడుతోంది, కుడిచెయ్యే కట్టులో ఉంది అన్నాను నేను. అయితే భయం లేదు అంది మేనేజరు. సంతకం పెట్టలేని ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చట. ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఆవిడ రాలేరు కాబట్టి మేమే వస్తాం, కౌంటరు మూశాక మా ఆఫీసరు అమ్మాయి వస్తుంది, డాక్టరుతో ఒక కాగితం రాయించి ఉంచండి అంది. ఇంకో సాక్షి ఇంటివాళ్ళు కాకూడదు, బ్యాంకుకి తెలిసిన మనిషి అయితే మంచిది అని నా వైపు చూసింది. ఇరవై ఏళ్ళుగా ఆ గోడకి ఇవతల కూర్చున్నందుకు నాకు దక్కిన గౌరవం అదొక్కటే.

బయటికి వచ్చాక బోర్డాయన నా గదిలో కూర్చున్నాడు. ఇంకో ఫారం నింపమన్నాడు. మొదటివారు తీసేసి, ఎవరైనా ఒకరు లేదా జీవించి ఉన్నవారు అని మార్చే ఫారం. ఎలాగూ ఆఫీసరు వస్తోంది, ఇంకు ప్యాడు తెస్తోంది, ఆ చేత్తోనే ఈ పని కూడా అయిపోతుంది, రేపు మందులకి, ఎల్లుండి ఇంకోదానికి ప్రతిసారీ వీళ్ళని బతిమాలుకోవాలా అన్నాడు. నిజం చెప్పాలంటే మాట సబబుగానే ఉంది. నేను నింపాను. టిక్కు ఆయనే పెట్టాడు, ఈసారి చిన్న గీత. కింద సంతకం కూడా పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగింటికి ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. టైలరమ్మ మంచం మీద కదలకుండా పడుకుని ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు. ముఖం పాలిపోయింది కానీ కళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. నర్సు డాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చింది. ఆఫీసరు అమ్మాయి కుర్చీ దగ్గరగా లాక్కుని, తను ఎవరో చెప్పి, కాగితం నెమ్మదిగా చదివి వినిపించింది. ఆసుపత్రి అడిగిన డబ్బు మీ ఖాతా నుంచి నేరుగా ఆసుపత్రి ఖాతాకి పంపమని రాశాను, మీకు ఇష్టమేనా అంది.

టైలరమ్మ ఎంత డబ్బో అడిగింది. విని, స్కూలు యూనిఫాంల బట్ట కొనడానికి డబ్బు మిగులుతుందా అని అడిగింది. మిగులుతుంది అని తెలిశాక ఎడమచెయ్యి చాపింది. ఆఫీసరు అమ్మాయి బొటనవేలు ఇంకులో అద్ది, కాగితం మీద నొక్కించింది. పక్కన తను సంతకం పెట్టింది, నేనూ పెట్టాను. ఆపరేషను ఖాయమైంది.

అప్పుడు బోర్డాయన జేబులోంచి ఫారం తీశాడు. ఇంకు ఆరకముందే ఇది కూడా అన్నాడు. ఆఫీసరు అమ్మాయి అందుకుని చూసి, దీనికి తొందరేం లేదండీ, ఆవిడకి చెప్పాలి, ఆవిడ ఇష్టం అంది. ఆయన్ని రెండడుగులు వెనక్కి జరగమని, ఫారంలో ఏముందో టైలరమ్మకి చెప్పింది. ఇది మారితే మీరైనా మీ ఆయనైనా ఒకరినొకరు అడగకుండా తీసుకోవచ్చు, మార్చకపోతే ఇప్పటిలాగే మీరొక్కరే అని.

బోర్డాయన వెనకనుంచి చెప్పుకుంటూ పోయాడు. నీకోసమే కదా అన్నాడు. మందులు ఎవరు తెస్తారు, నెల రోజులు నువ్వు లేవలేవు, ఈ చెయ్యి పెన్ను పట్టడానికి ఎన్నాళ్ళో అన్నాడు. అన్నీ నిజాలే. గొంతులో ప్రేమ కూడా ఉంది, అది కూడా నిజమే. నాకే ఆవిడ వేలు వేసేస్తే బాగుండు అనిపించింది, అంత మెత్తబడ్డాను.

టైలరమ్మ ఎడమచేతి బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించింది. ఆఫీసరు అమ్మాయి వెంటనే ఫారం వెనక్కి తీసుకుంది. ఎందుకని అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు కూడా.

“ఎందుకే?” అన్నాడు బోర్డాయన.

“నేను బతికే ఉన్నానుగా” అంది టైలరమ్మ. “డబ్బు కావాలంటే నన్నడుగు.”

ఆయన చేతులు రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి. ఈ మనిషి ముప్ఫై ఏళ్ళలో ఆవిడకి ఆజ్ఞలిచ్చాడు, చెప్పాడు, అరిచాడు, వివరించాడు. అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కూడా ముందు నర్సు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. మా ఇద్దరి దగ్గరా ఏ సాయమూ దొరకలేదు. మంచం దగ్గరకి వచ్చి, వంగి, ఊళ్ళో ఇన్ని బోర్డులు రాసినవాడు రెండు మాటలు కూడబలుక్కోవడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు.

“మందులకి కొంచెం... ఇస్తావా?”

“ఎంత?”

చెప్పాడు. ఆవిడ కాసేపు పైకప్పు చూసి మనసులో ఏదో కూడుకుంది. ఆయన చెప్పినదానికి కొంచెం తగ్గించి, ఇది మా ఆయన చేతికి ఇవ్వండి అని ఆఫీసరు అమ్మాయికి చెప్పింది. ఆ అమ్మాయి సంచిలోంచి ఇంకో కాగితం తీసి, డబ్బు ఎవరికి ఇవ్వాలో కూడా రాసి, చదివి వినిపించింది.

టైలరమ్మ పిడికిలి విప్పి బొటనవేలు ఇంకు ప్యాడు మీద పెట్టింది.